‘గా’ తీసి ‘లీ’ పెడితే

ఆ మెయిల్ పంపేముందు నా దగ్గరికి వచ్చింది కాబట్టి సరిపోయింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాదో చిత్రమైన ఉద్యోగం. కోడ్ రాసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు రాసినదాని గురించి కస్టమర్లకు వెళ్లే ఇంగ్లీషు రాతలన్నీ ఒకసారి చదివి, సరిచేసి వదలడం నా పని. ఆ సాయంత్రం, టీమ్‌లో చేరి ఆరు నెలలైనా నిండని ఒకమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూచుంది. "సార్, ఒక్కసారి చూస్తారా, ఏడింటికల్లా అమెరికా వాళ్లకి వెళ్లిపోవాలి" అంది.

మెయిల్ చిన్నదే. "హోప్ యు ఆర్ డూయింగ్ గుడ్" అని మొదలైంది. రెండో వాక్యం "ది టీమ్ వర్క్‌డ్ హార్డ్‌లీ ఆన్ దిస్ రిలీజ్." తర్వాత "ది న్యూ స్క్రీన్ లుక్స్ బ్యూటిఫుల్లీ." ఆపైన "ది టెస్ట్ సర్వర్ ఈజ్ రన్నింగ్ రియల్ స్లో." ఆలస్యానికి క్షమాపణగా "వుయ్ ఫీల్ బ్యాడ్‌లీ ఫర్ ది డిలే." ఆఖరున "ప్లీజ్ రిప్లై క్విక్."

స్క్రీన్ మీద ఎక్కడా ఎర్రగీత లేదు. ఉండదు కూడా. స్పెల్లింగ్ చూసే ప్రోగ్రామ్ దృష్టిలో ‘హార్డ్‌లీ’ నిఘంటువులో ఉన్న మాటే, ‘బ్యాడ్‌లీ’ కూడా ఉన్న మాటే. మాట సరైనదే, వచ్చి కూచున్న చోటే దానిది కాదు.

రెండో వాక్యం వేలితో చూపించి, "దీనికి తెలుగు చెప్పు" అన్నాను. "ఈ రిలీజ్ కోసం టీమ్ చాలా కష్టపడింది" అంది. ఆమె అనుకున్నది అదే. రాసింది మాత్రం "ఈ రిలీజ్ కోసం టీమ్ పని చేసిందనడానికి కూడా లేదు" అని. ‘హార్డ్‌లీ’ అంటే కష్టపడి అని కాదు, ‘దాదాపు లేదు’ అని. పది రోజులు రాత్రిళ్లు కూచుని చేసిన పనిని మనమే మన చేత్తో లేదని రాసి ఇచ్చినట్టు.

ఇలాంటి తప్పులను ‘గ్రామర్ రాకపోవడం’ అనేసి వదిలేస్తుంటారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. ఆ అమ్మాయికి గ్రామర్ వచ్చు. నామవాచకం గురించి చెప్పేది విశేషణం, క్రియ ఎలా జరిగిందో చెప్పేది క్రియావిశేషణం అని ఆమెను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చిక్కు అక్కడ లేదు. మన తెలుగులో ఉన్న ఒక్క అక్షరంలో ఉంది. ఆ అక్షరం ‘గా’.

ఆఫీసులో మనం మాట్లాడే తెలుగు ఒకసారి చెవిపెట్టి వినండి. ఫాస్ట్‌గా చెయ్, లేట్‌గా వచ్చాడు, నీట్‌గా రాశావ్, హార్డ్‌గా ఉంది, సీరియస్‌గా తీసుకో. ఇంగ్లీషు విశేషణం ఏది దొరికినా దానికి ‘గా’ తగిలించి వాడేస్తాం. ఎంత బాగా అతుకుతుందంటే, అది అతుకు అని కూడా గుర్తుండదు. మళ్లీ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు మన బుర్ర చేసే పని ఒక్కటే. ‘గా’ తీసేసి ఆ ఖాళీలో ‘లీ’ పెడుతుంది. క్విక్‌గా క్విక్‌లీ అవుతుంది, క్లియర్‌గా క్లియర్‌లీ అవుతుంది, నీట్‌గా నీట్‌లీ అవుతుంది. పదింట ఎనిమిదిసార్లు ఈ సూత్రం పనిచేస్తుంది కూడా. అందుకే దాన్ని నమ్ముతాం. నమ్మిన చోటే అది ముంచుతుంది. ఫాస్ట్‌గా నుంచి ‘ఫాస్ట్‌లీ’ పుడుతుంది, అలాంటి మాట ఇవాళ్టి ఇంగ్లీషులో లేదు. లేట్‌గా నుంచి ‘లేట్‌లీ’ వస్తుంది, దాని అర్థం ‘ఈమధ్య’. హార్డ్‌గా నుంచి ‘హార్డ్‌లీ’.

ఫాస్ట్, హార్డ్, లేట్ అనేవి ఎందుకిలా మొండికేశాయో తెలుసుకోవాలంటే వెయ్యేళ్లు వెనక్కి వెళ్లాలి. పాత ఇంగ్లీషులో విశేషణాన్ని క్రియావిశేషణం చేయడానికి చివర ఒక చిన్న ‘ఎ’ ధ్వని చేర్చేవారు, అచ్చం మనం ‘గా’ చేర్చినట్టు. కాలక్రమంలో ఆ చివరి అచ్చు పలకడం మానేశారు. దాంతో విశేషణం, క్రియావిశేషణం రెండూ ఒకే రూపంలో మిగిలిపోయాయి. హార్డ్ వర్క్ అన్నా, వర్క్ హార్డ్ అన్నా అదే హార్డ్. మరి ‘లీ’ ఎక్కడిది? పాత ఇంగ్లీషులో శరీరం, ఆకారం అని అర్థమిచ్చే ఒక మాట నుంచి వచ్చింది. ‘లైక్’ అనే మాటకు అది దగ్గర చుట్టం. ‘ఫలానా రూపంలో’ అని చెప్పే ప్రత్యయంగా అది మాటల చివర చేరింది. తేడా తెలియడానికి చాలా మాటలు ఈ కొత్త తోకను తగిలించుకున్నాయి. కొన్ని తగిలించుకోలేదు. ఇంకొన్నింటికి తోక వచ్చింది గానీ, తోక ఉన్నది ఒక అర్థానికీ లేనిది ఒక అర్థానికీ స్థిరపడిపోయింది.

‘హార్డ్‌లీ’ సంగతి అదే. మొదట్లో దానికీ ‘కష్టంతో’ అనే అర్థం ఉండేది. కష్టంతో అయిన పని అంటే అయీ అవనట్టు అయిన పని అనే ధోరణిలో అది జారిజారి ‘దాదాపు లేదు’ దగ్గర ఆగింది. తెలుగువాళ్లకు ఇది వింతగా తోచనక్కర్లేదు. ‘కష్టపడి పాసయ్యాడు’ అంటే మెచ్చుకోలు. ‘కష్టం మీద పాసయ్యాడు’ అంటే ముప్పై అయిదు మార్కులు. కష్టం ఒకటే, కుర్రాళ్లు ఇద్దరు. ‘హార్డ్’ మొదటివాడు, ‘హార్డ్‌లీ’ రెండోవాడి కంటే ఇంకో మెట్టు కిందవాడు.

ఇక మూడో వాక్యం, ‘లుక్స్ బ్యూటిఫుల్లీ.’ నన్నడిగితే అసలు లోతు ఇక్కడే ఉంది. ఎందుకంటే ఇక్కడ ‘లీ’ రాదని ఆమెకు చెప్పగానే వెంటనే ఒప్పుకోలేదు. "సార్, స్క్రీన్ అందంగా ఉంది. అందమైన అని కాదు కదా, అందంగా. మరి లీ రావాలి కదా" అంది. ఆమె తర్కంలో తెలుగు ప్రకారం ఏ లోపమూ లేదు.

తెలుగులో ‘అందమైన’ అన్నది నామవాచకానికి ముందు నిలబడుతుంది. అందమైన స్క్రీన్. అదే మాట వాక్యం చివరికి వెళ్లి ‘ఉంది’ పక్కన చేరితే ‘అందంగా’ అయిపోతుంది. స్క్రీన్ అందంగా ఉంది. పాయసం తియ్యగా ఉంది, ఎండ చురుగ్గా ఉంది, వాడు కోపంగా ఉన్నాడు. ఇక్కడ ఎవరూ ఏ పనీ చేయడం లేదు. పాయసం తీపిని ఏమీ చేయడం లేదు, అది తీపి, అంతే. అంటే ‘గా’ ఉన్నా ఇక్కడ చెబుతున్నది వస్తువు గుణమే. మన భాష గుణానికీ ‘గా’ వాడుతుంది, పని తీరుకూ ‘గా’ వాడుతుంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడగొడుతుంది. గుణమైతే వాక్యంలో ఎక్కడున్నా విశేషణమే, ‘లీ’ రాదు. పని తీరైతే క్రియావిశేషణం, ‘లీ’ వస్తుంది.

అందుకని ఆమెకు చెప్పిన కిటుకు ఇది. ఇంగ్లీషు వాక్యాన్ని కాదు, దాని తెలుగును చూడు. ‘గా’ తర్వాత వచ్చిన క్రియ ఏమిటి? ఉంది, ఉన్నారు, అనిపిస్తోంది, కనిపిస్తోంది, వినిపిస్తోంది, తయారైంది, మారింది లాంటివైతే ‘లీ’ వద్దు. చేశాం, రాశారు, పరిగెత్తింది, నడుస్తోంది, పంపండి లాంటి పనైతే ‘లీ’ కావాలి. స్క్రీన్ అందంగా ఉంది, కాబట్టి ‘లుక్స్ బ్యూటిఫుల్.’ స్క్రీన్‌ను అందంగా డిజైన్ చేశారు, కాబట్టి ‘బ్యూటిఫుల్లీ డిజైన్డ్.’ సర్వర్ నెమ్మదిగా ఉంది, ‘ఈజ్ స్లో.’ సర్వర్ నెమ్మదిగా నడుస్తోంది, ‘రన్నింగ్ స్లోలీ.’

ఇంగ్లీషు మాస్టార్లు దీన్నే ఇంకోలా చెబుతారు. లుక్, సౌండ్, ఫీల్, స్మెల్, టేస్ట్, సీమ్, బికమ్, రిమైన్ లాంటి క్రియను తీసేసి ఆ స్థానంలో ‘ఈజ్’ పెట్టి చూడమంటారు. అర్థం నిలిస్తే విశేషణం వాడాలి. ‘ది ప్లాన్ సౌండ్స్ గుడ్’ అన్నదాంట్లో ‘ఈజ్’ పెట్టినా వాక్యం బతికే ఉంటుంది. ‘ది ప్రింటర్ వర్క్స్ వెల్’ అన్నదాంట్లో పెడితే చస్తుంది. ఈ పరీక్ష మంచిదే. కాకపోతే తెలుగులో ఆలోచించే మనిషికి ‘ఉంది’ పరీక్షే త్వరగా అందుతుంది.

అన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది ‘లుక్’ అనే క్రియ. మేనేజర్ కోపంగా కనిపించారు, మేనేజర్ స్క్రీన్ వంక కోపంగా చూశారు. మనకు రెండుచోట్లా ‘కోపంగా’ ఒకటే, క్రియ మారింది. ఇంగ్లీషులో రెండుచోట్లా ‘లుక్‌డ్’ ఒకటే, పక్కమాట మారుతుంది. మొదటిది ‘లుక్‌డ్ యాంగ్రీ’, రెండోది ‘లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ ది స్క్రీన్’. మనం ఒక చోట పెట్టిన తేడాను వాళ్లు మరో చోట పెట్టారు. ఇది తెలిశాక ‘లీ’ అనేది నాకు నియమంలా కనిపించడం మానేసింది. వాళ్ల ‘కనిపించు’, వాళ్ల ‘చూచు’ ఆ తోకలో దాక్కున్నాయి అనిపించింది.

ఇదే దారిలో అయిదో వాక్యమూ తేలిపోయింది. ఆలస్యమైనందుకు మాకు బాధగా ఉంది. ‘ఉంది’ కాబట్టి ‘వుయ్ ఫీల్ బ్యాడ్.’ ‘ఫీల్ బ్యాడ్‌లీ’ అంటే నిక్కచ్చిగా చూస్తే తడిమి తెలుసుకునే శక్తి సరిగ్గా లేదని, వేళ్లు మొద్దుబారాయని అర్థం. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అమెరికాలో చదువుకున్నవాళ్లు కూడా బాధ అనే అర్థంలో ‘ఫీల్ బ్యాడ్‌లీ’ అనడం ఉంది, నిఘంటువులు దాన్ని నమోదు చేశాయి కూడా. అయినా ఆఫీసు మెయిల్లో ‘బ్యాడ్’ రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు, ‘బ్యాడ్‌లీ’ రాస్తే చూపేవాళ్లుంటారు. అలాంటప్పుడు ఏది రాయాలో వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, మన ఆసుపత్రుల ఇంగ్లీషు కూడా ఈ ‘ఉంది’ దగ్గరే తడబడుతుంది. ‘పేషెంటుకు సీరియస్‌గా ఉంది’ని మనం ‘పేషెంట్ ఈజ్ సీరియస్’ అంటాం. వ్యాకరణం ప్రకారం పరీక్ష పాసయింది, ‘లీ’ లేదు. కానీ లండన్‌లో ఉన్న కొడుకు స్నేహితుడు అది చదివితే, పెద్దాయన నవ్వకుండా గంభీరంగా కూచున్నాడేమో అనుకుంటాడు. అక్కడ ‘సీరియస్’ కావలసింది పరిస్థితికి, మనిషికి కాదు. ‘సీరియస్‌లీ ఇల్’ అంటే జబ్బు తీవ్రమని తెలుస్తుంది.

మళ్లీ మెయిల్ మొదటికి వద్దాం. ‘హోప్ యు ఆర్ డూయింగ్ గుడ్.’ గుడ్ అంటే మంచి, వెల్ అంటే బాగా. ఇంత మటుకు తెలుగు మనకు ఎంతో సాయం చేస్తుంది. మంచి పని చేశావు, ‘గుడ్ వర్క్.’ బాగా చేశావు, ‘యు డిడ్ వెల్.’ పైగా ‘బాగా’కు, ‘వెల్’కు ఇంకో పోలిక కూడా ఉంది. ఒంట్లో బాగుందా, ఒంట్లో బాగాలేదు అని ఆరోగ్యానికి మనం వాడేది అదే మాట. ఇంగ్లీషులోనూ ‘ఐ యామ్ నాట్ వెల్’ అంటే ఒంట్లో బాగాలేదని. ఆరోగ్యం సంగతి చెప్పేటప్పుడు ‘వెల్’ క్రియావిశేషణం కాదు, విశేషణమే. మెయిళ్ల మొదట్లో అరిగిపోయినట్టు కనిపించే ‘హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యు వెల్’లో ఉన్నది ఈ వెల్. క్షేమంగా ఉన్నారని తలుస్తాను అనే మన పాత ఉత్తరాల మొదటి వాక్యమే అది.

మరి బోల్తా ఎక్కడ కొడతాం? ‘ఐడియా బాగుంది’ దగ్గర. బాగా అంటే వెల్ అని నేర్చుకున్నాం కాబట్టి ‘ది ఐడియా ఈజ్ వెల్’ అని రాస్తాం. ఇక్కడ ‘ఉంది’ వచ్చేసింది, గుణం చెబుతున్నాం, కాబట్టి ‘గుడ్’ కావాలి. ఐడియాకు జ్వరం తగ్గిందని చెప్పాలంటే తప్ప అక్కడ ‘వెల్’ పనికిరాదు. రిపోర్ట్ బాగుంది, ‘లుక్స్ గుడ్.’ రిపోర్ట్ బాగా రాశారు, ‘వెల్ రిటెన్.’ ‘డూయింగ్’ పని కాబట్టి ‘హోప్ యు ఆర్ డూయింగ్ వెల్.’ ‘డూయింగ్ గుడ్’ను పద్ధతి ప్రకారం చదివితే పుణ్యకార్యాలు చేస్తున్నారని ఆశిస్తున్నాను అన్నట్టు ఉంటుంది. ఆశించడంలో తప్పులేదు గానీ రిలీజ్ మెయిల్లో అడిగే సంగతి కాదు.

‘హౌ ఆర్ యు’ అంటే ‘ఐ యామ్ గుడ్’ అనొచ్చా అని చాలామంది అడుగుతారు. అనొచ్చు. ‘యామ్’ తర్వాత విశేషణం రావడంలో వ్యాకరణానికి ఏ అభ్యంతరమూ లేదు, ఇవాళ అందరూ అంటున్నారు. అమెరికాలో దానికి ఇంకో అర్థమూ ఉంది. మనవడికి ఇంకాస్త అన్నం వడ్డించబోయిన అమ్మమ్మతో వాడు ‘ఐయామ్ గుడ్’ అంటాడు. ‘నువ్వు మంచివాడివని తెలుసులేరా, తిను’ అని ఆవిడ వడ్డిస్తుంది. వాడన్నది ‘చాలు’ అని.

గుడ్, వెల్ ఎంత పోట్లాడుకున్నా ఒక చోట రాజీపడిపోతాయి. రెండింటికీ ఇంకా ఎక్కువ అని చెప్పాలంటే ‘బెటర్’, అన్నిటికంటే అని చెప్పాలంటే ‘బెస్ట్’. అందుకే ‘పాత వెర్షన్ కంటే ఇది బాగుంది’ అని రాసేటప్పుడు ఎవరూ తప్పు చేయరు. అనుమానం తీరకపోతే పోలికతో రాసేసి తప్పించుకునేవాళ్లను చూశాను. అదీ ఒక విద్యే.

నాలుగో వాక్యం ‘రియల్ స్లో’ విషయంలో మాత్రం తప్పు తెలుగుది కాదు. మనం ‘నిజమైన సమస్య’ అంటాం, ‘నిజంగా పెద్ద సమస్య’ అంటాం, ‘నిజమైన పెద్దగా సమస్య’ అని ఎవరూ అనరు. ఆ తెలుగును అలాగే దించితే చాలు, ‘ఎ రియల్ ప్రాబ్లమ్’, ‘ఎ రియల్లీ బిగ్ ప్రాబ్లమ్’ వచ్చేస్తాయి. ‘మైన’కు రియల్, ‘గా’కు రియల్లీ. ఇక్కడ పాత సూత్రం ఎక్కడా మొరాయించదు. మరి ఆమె ‘రియల్ స్లో’ అని ఎందుకు రాసింది? అడిగితే చాట్ తీసి చూపించింది. అవతలి అమెరికన్ మేనేజర్ పొద్దున రాసిన వాక్యం అందులో ఉంది. ‘క్యాన్ వుయ్ టాక్ రియల్ క్విక్?’ సాయంత్రానికి అది ఈమె మెయిల్లోకి పాకింది.

అమెరికన్ల మాటల్లో రియల్ గుడ్, రియల్ క్విక్, రియల్ నైస్ మామూలే. స్కాట్లండ్‌లోనూ ఆ వాడుక ఉంది. మాట్లాడేటప్పుడు దాన్ని తప్పని అనలేం. మన దగ్గర ‘మస్తుంది’ అన్నట్టు అది నోటి మాట. ఆ మేనేజర్ తన చాట్లో రాసుకోవచ్చు, అది ఆయన ఇంటి భాష. అదే మాట మన ఆఫీసు నుంచి, పదిమందికి కాపీ పెట్టిన రిలీజ్ మెయిల్లో, బ్రిటన్‌లోనూ సింగపూర్‌లోనూ ఉన్నవాళ్లు చదివేచోట కనిపిస్తే, రాసినవాళ్లకు రియల్లీ సంగతి తెలియదనుకుంటారు. ‘రియల్లీ’ అని దిద్దబోయి, దాన్నే కొట్టేయమన్నాను. సర్వర్ నిజంగా నెమ్మదిగా ఉంది అంటే ఎంత నెమ్మది? అవతలివాడికి అది తెలియదు. "నిన్నటి దాకా పేజీ ఎంతసేపట్లో తెరుచుకునేది?" అని అడిగాను. రెండు సెకన్లలో, ఇప్పుడు పదకొండు పడుతోందంది. ఆ రెండంకెలే రాయించాను. రియల్, రియల్లీ గొడవ అక్కడితో పోయింది, సర్వర్ బాగుచేసేవాడికి పట్టుకోవడానికి ఒక ఆధారమూ దొరికింది.

ఆఖరి వాక్యం, ‘రిప్లై క్విక్.’ ఇక్కడ ఆమె నన్ను గట్టిగానే నిలదీసింది. "రోడ్డు మీద బోర్డుల్లో గో స్లో అని ఉంటుంది కదా సార్, గో స్లోలీ అని ఉండదుగా?" నిజమే. శంషాబాద్ వెళ్లే దారిలో ఎన్ని చూడలేదు! యాపిల్ కంపెనీ 1997లో ‘థింక్ డిఫరెంట్’ అని ప్రపంచమంతా ప్రకటన వేసినప్పుడూ ‘డిఫరెంట్‌లీ’ ఏదని అడిగినవాళ్లున్నారు. స్లో, క్విక్ లాంటివి ఇందాక చెప్పిన ఆ తోక రాని పాత కుటుంబంలోవే. వాటిని తప్పని చూడటం ఎప్పటినుంచో ఉన్నది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు వ్యాకరణకర్తలు ఇంగ్లీషును లాటిన్‌లా కుదురుగా కూచోబెట్టాలని చూశారు. ఆ తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో ఒక చిన్న వ్యాకరణం అచ్చేశాడు. విశేషణాన్ని క్రియావిశేషణం స్థానంలో వాడటం సరికాదన్నాడు, పేరున్న రచయితల వాక్యాలనే తప్పులకు ఉదాహరణగా చూపించాడు. ఆ పుస్తకం చూసి రాసిన బడిపుస్తకాల దారినే ‘లీ’ భయం మన దాకా వచ్చింది.

కాబట్టి ‘క్విక్’ పాపం కాదు. అయితే రోడ్డు బోర్డుకు అక్షరాలు తక్కువ ఉండాలి, ప్రకటనకు కొంచెం తలతిక్క ఉండాలి. మెయిలుకు ఆ రెండు అవసరాలూ లేవు. ‘క్విక్‌లీ’ రాస్తే సరిపోతుంది. కానీ త్వరగా అంటే ఎప్పటికి? ఇక్కడా సర్వర్ వైద్యమే చేశాం. బుధవారం సాయంత్రం లోపు జవాబిస్తే గురువారం పని మొదలుపెడతాం అని రాసింది. త్వరగా అనే మాటే లేదు, తొందర మాత్రం తెలుస్తోంది.

ఆ ఆరు వాక్యాల్లో లేని ఒక చిక్కును కూడా చెప్పేస్తాను. ఎందుకంటే ‘ఉంది’ పరీక్ష ఇక్కడ మోసం చేస్తుంది. ‘స్టెప్పులు క్లియర్‌గా చెయ్యండి’ అన్నదాన్ని చాలామంది ‘ప్లీజ్ మేక్ ది స్టెప్స్ క్లియర్‌లీ’ అని రాస్తారు. చెయ్యండి అనేది పనే కదా, లీ వచ్చిందంటారు. కానీ క్లియర్‌గా ఉండాల్సింది ఏది? చేయడమా, స్టెప్పులా? స్టెప్పులు. చేసిన తర్వాత అవి క్లియర్‌గా ‘ఉండాలి’. అందుకని ‘మేక్ ది స్టెప్స్ క్లియర్.’ ఫైలు భద్రంగా ఉంచండి, ‘కీప్ ది ఫైల్ సేఫ్.’ మెయిల్ చిన్నగా ఉంచండి, ‘కీప్ ఇట్ షార్ట్.’ మేక్, కీప్, లీవ్ లాంటి క్రియల దగ్గర పని ఎలా జరిగిందని కాకుండా, అయ్యాక వస్తువు ఎలా మిగిలిందని అడగాలి. అదే ‘స్టెప్పులు క్లియర్‌గా రాయండి’ అంటే రాయడం గురించే కాబట్టి ‘రైట్ ది స్టెప్స్ క్లియర్‌లీ’ సరిగ్గా సరిపోతుంది.

ఇక పుట్టుకతోనే ‘లీ’ ఉండి కూడా విశేషణాలైనవి కొన్ని ఉన్నాయి. ఫ్రెండ్లీ, కాస్ట్లీ, టైమ్లీ. వీటి తోక చూసి ‘ప్లీజ్ రెస్పాండ్ టైమ్లీ’ అని రాసేవాళ్లను నెలకు ఇద్దరినైనా చూస్తాను. ఫ్రెండ్లీగా మాట్లాడారు అనడానికి తెలుగులో ఇబ్బందే లేదు, మన ‘గా’ దేనికైనా అతుకుతుంది. ఇంగ్లీషులో మాత్రం ‘లీ’ మీద ఇంకో ‘లీ’ ఎక్కించలేక ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అని చుట్టుతిరిగి వెళ్లాలి. ఇలాంటిచోట ‘గా’ను చూసి కాస్త గర్వంగానే ఉంటుంది.

ఆ రోజు మెయిల్ ఏడుకి అయిదు నిమిషాల ముందు వెళ్లింది. "హోప్ యు ఆర్ డూయింగ్ వెల్. ది టీమ్ వర్క్‌డ్ హార్డ్ ఆన్ దిస్ రిలీజ్, అండ్ ది న్యూ స్క్రీన్ లుక్స్ బ్యూటిఫుల్" అని మొదలై, రెండు సెకన్లు పదకొండైన సంగతి, ఆలస్యానికి బాధపడుతున్న సంగతి, బుధవారం సంగతి చెప్పి ముగిసింది. గంట తిరక్కుండా ఆ మేనేజర్ నుంచి జవాబొచ్చింది. ‘లుక్స్ గ్రేట్. యు ఆల్ డిడ్ రియల్ గుడ్!’

ఒకే వాక్యంలో రెండూ. ఆ అమ్మాయి ఆ మెయిల్‌ను ఒక్క అక్షరం రాయకుండా, కింద ఒక నవ్వు బొమ్మ మాత్రం పెట్టి నాకు పంపింది.

తర్వాతి వారం ఆమె రెండు మూడు రోజులు వరుసగా ఆలస్యంగా వచ్చింది. మియాపూర్ వైపు నుంచి వచ్చే దారిలో ఏదో తవ్వుతున్నారట. శుక్రవారం పొద్దున నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ‘సారీ సార్, ఐ హావ్ బీన్ లేట్ లేట్‌లీ.’ ఈమధ్య ఆలస్యమవుతోంది అని. రెండు లేట్లూ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. సరేనమ్మా, నిదానంగా రా అని తెలుగులోనే జవాబిచ్చాను.